టైమ్ పెట్టిన ఆన్‌లైన్ పరీక్షను అందరూ రాయగలిగేలా తయారు చేయడం ఎలా: వీడియో, నోట్స్, క్విజ్, అదనపు సమయం

"క్లాసులో చూపు లేని అమ్మాయి ఉంది మేడమ్, క్విజ్‌లో తనొక్కదానికే టైమ్ పెంచడం ఎలా?" ఈ ఏడాది తోటి లెక్చరర్లు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. ఆన్‌లైన్ పాఠాలూ పరీక్షలూ పెట్టుకునే మూడిల్‌లో టైమ్ పెంచడం మూడు నిమిషాల పని, అది కింద ఆరో భాగంలో ఉంది. నేరుగా అక్కడికి వెళ్లకండి. ప్రశ్నే చదవడానికి వీల్లేకపోతే ముప్పై నిమిషాల బదులు మూడు గంటలిచ్చినా ఆ అమ్మాయి చేయగలిగేదేమీ లేదు. ముందు పాఠం, తర్వాత ప్రశ్నలు, టైమ్ చివర్న.

ఉదాహరణకు డిగ్రీ మొదటి సంవత్సరం బోటనీలో ఒక యూనిట్ తీసుకుందాం: కాండం అంతర్నిర్మాణం. ఒక వీడియో, ఒక నోట్స్, 20 ప్రశ్నలతో 30 నిమిషాల క్విజ్. క్లాసులో ముగ్గురికి మామూలు పద్ధతి సరిపోదు. ఒకమ్మాయికి చూపు లేదు, తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో ఫోన్‌లో చదువుతుంది. ఒకబ్బాయికి వినిపించదు. ఇంకొకబ్బాయికి రాసేటప్పుడు చేతి కండరాలు బిగుసుకుపోతాయి, మౌస్ పట్టుకోలేడు, కీబోర్డు మీద నెమ్మదిగా కొడతాడు.

## 1. ముందు వాళ్లనే అడగండి

వైకల్య సర్టిఫికెట్‌లో శాతం ఉంటుంది, పరీక్ష ఎలా రాస్తారో అందులో ఉండదు. ఐదు నిమిషాలు ఫోన్‌లో మాట్లాడితే చాలు. అందరి ముందు మాత్రం అడగొద్దు.

- పరీక్ష ఫోన్‌లో రాస్తారా, కంప్యూటర్‌లోనా?
- స్క్రీన్ రీడర్ ఏది? కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏనా, ఫోన్‌లో టాక్‌బ్యాకా? అందులో తెలుగు గొంతు పెట్టుకున్నారా?
- ప్రశ్నలు తెలుగులో కావాలా, ఇంగ్లిష్‌లోనా?
- పోయినసారి ఎక్కడ ఆగిపోయారు?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికన్నా పనికొస్తుంది. "టైమ్ సరిపోలేదు" అని మాత్రమే చెబితే అక్కడితో వదలకండి. ఏ ప్రశ్న దగ్గర సరిపోలేదో అడగండి.

## 2. వీడియో: పలకడంతో మొదలు

బోర్డు ముందు మనకొక అలవాటు ఉంటుంది. "ఇదిగో ఇది చూడండి, దీని పక్కనే ఇది, ఈ రెండింటి మధ్య ఇది." చూపు లేని అమ్మాయికి ఈ వాక్యంలో దొరికేదేమీ లేదు. నిజానికి ఫోన్‌లో చిన్న తెర మీద చూసే మిగతావాళ్లకీ పెద్దగా దొరకదు.

అదే మాటను ఇలా చెప్పండి: "అన్నిటికన్నా బయట ఉన్న ఒక్క వరస కణాలు బాహ్యచర్మం. దాని లోపల ఉన్న భాగం వల్కలం. ఇంకా లోపలికి వెళ్తే నాళికాపుంజాలు ఒక వలయంలా పేర్చినట్టు ఉంటాయి." వేలు చూపించిన ప్రతిచోటా పేరూ, ఉన్న చోటూ నోటితో చెప్పాలి. రికార్డింగ్‌కి ముందు స్లైడ్లు తిరగేస్తూ "ఇది" అనబోయే చోట్ల పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటే అలవాటు రెండు వీడియోల్లో మారుతుంది.

తర్వాత క్యాప్షన్లు. యంత్రం రాసిన క్యాప్షన్లను అలాగే వదిలేయొద్దు. మనం పాఠం చెప్పేది తెలుగూ ఇంగ్లిష్ కలిపి. "జైలమ్", "ఫ్లోయమ్" లాంటి మాటల దగ్గరే అది తడబడుతుంది, పరీక్షలో వచ్చేవీ ఆ మాటలే. యంత్రం ఇచ్చినదాన్ని చిత్తుప్రతిగా తీసుకుని దిద్దండి. లేదా మీ పాఠం స్క్రిప్ట్ నుంచి నేరుగా ఫైల్ తయారు చేసుకోండి. నోట్‌ప్యాడ్‌లో ఇలా ఉంటుంది:

```
WEBVTT

00:00:04.000 --> 00:00:08.500
ఇది పొద్దుతిరుగుడు కాండం అడ్డుకోత.
అన్నిటికన్నా బయటి పొర బాహ్యచర్మం.

00:00:08.500 --> 00:00:12.000
దాని లోపల ఉన్న భాగం వల్కలం.
```

దీన్ని `kandam.vtt` అనే పేరుతో సేవ్ చేయండి. ఒకేసారి తెర మీద రెండు లైన్లకు మించి రాకుండా చూసుకోండి. యూట్యూబ్‌లో అయితే స్టూడియోలో ఆ వీడియో `Subtitles` పేజీకి వెళ్లి తెలుగు భాష జోడించి ఫైల్ ఎక్కించాలి. వీడియోను నేరుగా మూడిల్‌లో పెడితే, ఎడిటర్‌లో వీడియో చేర్చే పెట్టెలోనే `Subtitles and captions` అనే భాగం ఉంటుంది, ఫైల్ అక్కడ ఇవ్వాలి.

ఇక్కడ రెండు తప్పులు తరచూ జరుగుతాయి:

- క్యాప్షన్లు అసలు రావడం లేదు. సెకన్ల తర్వాత చుక్క బదులు కామా పడి ఉంటుంది. `00:00:04,000` అని రాస్తే అది ఎస్ఆర్‌టీ అనే ఇంకో రకం క్యాప్షన్ ఫైల్ పద్ధతి. వీటీటీలో చుక్కే ఉండాలి.
- తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. సేవ్ చేసేటప్పుడు `Encoding` దగ్గర `UTF-8` ఎంచుకోలేదు. తెలుగు చెడిపోకముందున్న అసలు స్క్రిప్ట్ తెరిచి `UTF-8`లో మళ్లీ సేవ్ చేయండి.

వినిపించని అబ్బాయి విషయంలో ఒక మాట. చిన్నప్పటి నుంచి సైగల భాషలో పెరిగిన పిల్లలకు తెలుగు వాక్యం మనకున్నంత సులువు కాకపోవచ్చు. క్యాప్షన్ పెట్టేశాం కాబట్టి అర్థమైపోయిందనుకోవద్దు. పాఠంలోని కొత్త మాటలన్నీ బొమ్మలతో ఒక పేజీలో వేసి ముందే పంపితే ఆ అబ్బాయి వీడియోను వెనక్కీ ముందుకీ తిప్పే పని చాలా తగ్గుతుంది.

## 3. నోట్స్: నోట్‌ప్యాడ్ పరీక్ష

మన దగ్గర తెలుగు నోట్స్‌కి వచ్చే పెద్ద జబ్బు ఇది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన పీడీఎఫ్ కంటికి అచ్చమైన తెలుగులా కనిపిస్తుంది. లోపల ఉన్నవి మాత్రం తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ తెలుగు ఆకారం తొడిగారంతే. స్క్రీన్ రీడర్ ఆకారాన్ని చూడదు, లోపలిదే చదువుతుంది. ఆ అమ్మాయికి వినిపించేది అర్థం లేని గుర్తుల వరస.

కనిపెట్టడానికి అర నిమిషం చాలు. పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి.

- చక్కటి తెలుగు వస్తే సరే.
- ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం వస్తే అది పాత ఫాంటు.
- వాక్యాన్ని సెలెక్టే చేయలేకపోతే అది స్కాన్ చేసిన ఫొటో.
- తెలుగే వచ్చినా ఒత్తులూ గుణింతాలూ చెల్లాచెదురైతే, పీడీఎఫ్ తయారైన తీరులో తేడా ఉంది.

మొదటిది తప్ప మిగతా మూడింటికీ మందు ఒకటే. లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే యూనికోడ్‌లో ఉన్న పాఠాన్ని మూడిల్‌లో నేరుగా `Page`గా పెట్టండి. లేదంటే వర్డ్ ఫైల్ ఇవ్వండి. తెలుగు విషయంలో నేను పీడీఎఫ్‌ని ఇంటి దగ్గర ప్రింటు తీసుకునేవాళ్ల కోసం మాత్రమే ఉంచుతాను.

శీర్షికలకు అక్షరాలు లావు చేసి వదిలేయకుండా ఎడిటర్‌లోని హెడింగ్ స్టైలే వాడండి. ఎన్‌వీడీఏలో H నొక్కితే ఒక హెడింగ్ నుంచి ఇంకో హెడింగ్‌కి దూకవచ్చు. లావు అక్షరాల దగ్గర అలా దూకడం కుదరదు.

ఇంకొకటి. మూడిల్ మెనూలు ఇంగ్లిష్‌లో ఉంటే పేజీ మొత్తం ఇంగ్లిష్ అని కంప్యూటర్‌కి చెప్పినట్టు. కొన్ని ఇంగ్లిష్ గొంతులు తెలుగు అక్షరాలను చదవకుండా దాటేస్తాయి, పేజీ ఖాళీగా ఉందని ఆ అమ్మాయి అనుకుంటుంది. ఎడిటర్‌లో హెచ్‌టీఎమ్‌ఎల్ కోడ్ చూపే బటన్ నొక్కి పేరాకి భాష చెప్పండి:

```
<p lang="te">నాళికాపుంజాలు వలయంలా ఉంటాయి.</p>
```

## 4. ప్రశ్నలు: బొమ్మ అడిగేదేమిటో తేల్చుకోండి

మా మొదటి క్విజ్‌లో ఏడో ప్రశ్న ఇలా ఉండేది: కాండం అడ్డుకోత బొమ్మ ఇచ్చి, పేర్లను మౌస్‌తో లాగి సరైన చోట వదలమనడం. చూపు లేని అమ్మాయికి బొమ్మ లేదు. చేతి ఇబ్బంది ఉన్న అబ్బాయికి లాగడం కుదరదు. ఒకే ప్రశ్న ఇద్దరినీ ఆపేసింది.

దిద్దడానికి ముందు మనల్ని మనం అడగాల్సింది: ఈ ప్రశ్న దేన్ని పరీక్షిస్తోంది? బొమ్మను గుర్తుపట్టడాన్నా, ఏ కణజాలం ఎక్కడ ఉంటుందో తెలియడాన్నా? మాకు కావాల్సింది రెండోది. అందుకని ఇలా మార్చాం:

"పొద్దుతిరుగుడు కాండంలో ఒక నాళికాపుంజాన్ని ఊహించుకోండి. కాండం మధ్యభాగం వైపు ఉన్నది A. బయటి వైపు ఉన్నది B. రెండింటి మధ్య సన్నని పొర C. వీటిలో C ఏది? (అ) దారువు (ఆ) పోషక కణజాలం (ఇ) కాంబియం (ఈ) దవ్వ"

జవాబు కాంబియం. బొమ్మను తీసేయలేదు, పైన అలాగే ఉంచాం. చూడగలిగినవాళ్లు చూస్తారు. క్లాసంతటికీ అదే ప్రశ్న, ఆ అమ్మాయికి వేరే పేపరంటూ లేదు.

బొమ్మను గుర్తించడమే పరీక్ష అయితే బొమ్మకు వర్ణన రాయాలి, అందులో జవాబు జారిపోకుండా చూసుకోవాలి. "కాంబియం చూపుతున్న బొమ్మ" అని రాస్తే జవాబు చెప్పేసినట్టే. "బొమ్మ 1" అని రాస్తే ఏమీ చెప్పనట్టు. "గుండ్రటి అడ్డుకోత. అంచుకు దగ్గరగా ఎనిమిది పుంజాలు వలయంగా ఉన్నాయి. ఒక పుంజం మధ్యలోని సన్నని గీతకు C అని గుర్తు పెట్టారు" అని రాస్తే, చూసేవాళ్లకు ఏం దొరుకుతుందో వినేవాళ్లకూ అదే దొరుకుతుంది.

ప్రశ్నల రకాల్లో నా లెక్క ఇది:

- బహుళైచ్ఛికం, తప్పొప్పులు, చిన్న జవాబు: ఇబ్బంది దాదాపు ఉండదు.
- ఖాళీలోకి మాటను లాగి వదిలేది: దాని బదులు `Select missing words` వాడండి. పని అదే, లాగడం బదులు జాబితాలోంచి ఎంచుకోవడం.
- బొమ్మ మీదకు లాగి వదిలేవి: మార్కులున్న పరీక్షలో వాడను.
- చిన్న జవాబులో తెలుగు టైపింగ్: "కాంబియం", "కాంబియమ్", "విభాజ్య పొర" అన్నీ సరైన జవాబులుగా చేర్చకపోతే తెలిసినవాళ్లకూ సున్నా పడుతుంది.

క్విజ్ సెట్టింగుల్లో `Navigation method` దగ్గర `Free` ఉంచండి. `Sequential` పెడితే వదిలేసిన ప్రశ్నకు వెనక్కి రాలేరు. పేజీకి ఐదేసి ప్రశ్నలు పెట్టడం నాకు కుదిరింది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ అయితే ప్రతిసారీ పైనున్న మెనూలన్నీ దాటుకుని రావాలి. ఇరవై ఒకే పేజీలో పెడితే నెట్ పోయినప్పుడు గుండె ఆగుతుంది.

## 5. టైమ్ ఎంత పెంచాలి?

ముందు ఒక ప్రశ్న: ఈ పరీక్షకు వేగం అవసరమా? టైపింగ్ పరీక్షకైతే అవసరం. బోటనీకి కాదు. 30 నిమిషాల్లో అయిపోయే క్విజ్‌కి అందరికీ 60 నిమిషాలిస్తే, చాలాసార్లు ప్రత్యేకంగా ఎవరికీ ఏమీ పెంచక్కర్లేదు. ఎవరి ఇబ్బందీ బయటపెట్టాల్సిన పని కూడా ఉండదు.

టైమ్ బిగించక తప్పని పరీక్షకు కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో రాత పరీక్షల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు మంచి కొలత. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనం. గంటకన్నా చిన్న పరీక్షకు అదే నిష్పత్తిలో, కనీసం 5 నిమిషాలు, అదీ ఐదు గుణిజాల్లో.

- 30 నిమిషాల క్విజ్: 10 కలిపి 40.
- 45 నిమిషాలు: 15 కలిపి 60.
- 20 నిమిషాలు: లెక్క ప్రకారం ఆరున్నర చిల్లర, దాన్ని 10 చేసి 30.

ఇది కనీసం మాత్రమే. పెద్ద పేరా చదివి జవాబివ్వాల్సిన ప్రశ్నలుంటే, స్క్రీన్ రీడర్‌తో ఆ పేరాను రెండుమూడు సార్లు వినాలి. అప్పుడు నేను ఒకటిన్నర రెట్లు ఇస్తాను.

"40 శాతం సర్టిఫికెట్ లేదు కదా, ఎలా ఇస్తాం?" అని చేతి ఇబ్బంది ఉన్న అబ్బాయి గురించి స్టాఫ్‌రూమ్‌లో అడిగారు. 2021లో వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసు సరిగ్గా ఇలాంటి చేతి సమస్య గురించే. రాసిపెట్టే సహాయకుణ్ని ఇవ్వడానికి 40 శాతం షరతు పెట్టకూడదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. మన క్లాస్ టెస్టుకు పది నిమిషాలు కలపడానికి అంతకన్నా పెద్ద కాగితం అడగడం నాకైతే సబబు అనిపించదు.

## 6. మూడిల్‌లో ఒక్కరికే టైమ్ మార్చడం

1. క్విజ్ తెరిచి `Overrides` దగ్గరకు వెళ్లండి. కొన్ని వెర్షన్లలో అది `More` కింద ఉంటుంది.
2. `User overrides` ఎంచుకుని `Add user override` నొక్కండి.
3. విద్యార్థి పేరు వెతికి ఎంచుకోండి.
4. `Time limit` దగ్గర 40 నిమిషాలు పెట్టండి.
5. `Close the quiz` సమయాన్ని కూడా జరపండి.
6. సేవ్ చేసి, జాబితాలో రెండూ మారాయో లేదో చూసుకోండి.

ఐదోది విడిగా ఎందుకు చెప్పానంటే, ఆ దెబ్బ నేనే తిన్నాను. క్విజ్ 11:00కి మొదలై 11:30కి ముగిసేలా పెట్టాను. ఆ అమ్మాయికి టైమ్ 40 నిమిషాలు చేశాను. ముగింపు సమయం ముట్టుకోలేదు. 11:31కి ఫోన్ వచ్చింది. "మేడమ్, ఇంకా పది నిమిషాలున్నాయని చెప్పారు కదా, దానంతటదే సబ్మిట్ అయిపోయింది. నాలుగు మిగిలిపోయాయి." మూడిల్‌లో ముగింపు సమయం తలుపు లాంటిది. లోపల మీకెన్ని నిమిషాలున్నా, తలుపు మూసే వేళకు పరీక్ష ఆగిపోతుంది.

"తప్పు నాదేనమ్మా" అని ఆ నాలుగు ప్రశ్నలూ అప్పుడే ఫోన్‌లో అడిగాను. మూడింటికి సరిగ్గా చెప్పింది. తర్వాత ఆమె జవాబుపత్రం తెరిచి, ఒక్కో ప్రశ్న కింద ఉండే `Make comment or override mark` ద్వారా మార్కులు వేసి, ఎందుకు మార్చానో కామెంట్‌లో రాశాను.

ఒక్కొక్కరికీ ప్రతి క్విజ్‌లో ఇలా పెట్టడం విసుగనిపిస్తే గ్రూప్ చేసి `Group overrides` వాడవచ్చు. గ్రూప్ పేరు "దివ్యాంగులు" అని పెట్టకండి, తోటి పిల్లల కంట పడవచ్చు. "బ్యాచ్ 3" చాలు. ఒకే విద్యార్థికి గ్రూప్‌లోనూ విడిగానూ వేర్వేరు టైమ్ పెడితే, విడిగా పెట్టిందే చెల్లుతుంది.

గూగుల్ ఫామ్స్ వాడేవాళ్లకు: అందులో ఒక్కో విద్యార్థికి వేరే టైమ్ పెట్టే వీలు దానంతట లేదు. ఫామ్‌కి ఒక కాపీ చేసి, అదే ప్రశ్నలతో ఆ ముగ్గురికి వేరే లింక్ పంపండి. మొదటి ఫామ్‌లో జవాబులు తీసుకోవడం 30 నిమిషాలకు ఆపేసి, రెండోదాన్ని 40కి ఆపండి.

## 7. ముందురోజు రిహార్సల్

టీచర్ లాగిన్‌లో `Preview` చూసి సరే అనుకోవద్దు. విద్యార్థికి పెట్టిన టైమ్ అందులో కనిపించదు. అడ్మిన్‌ని అడిగి ఒక డెమో విద్యార్థి ఖాతా చేయించుకుని, దానికీ అదే ఓవర్‌రైడ్ పెట్టి రాసి చూడండి.

- మౌస్ పక్కన పెట్టి Tab, Space, బాణం కీలతోనే మొదటి ప్రశ్న నుంచి సబ్మిట్ దాకా వెళ్లగలిగారా?
- ఎన్‌వీడీఏ ఉచితం. వేసుకుని, తెర ఆపేసి ఐదు ప్రశ్నలు చేయండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి.
- క్యాప్షన్లు ఫోన్‌లో కూడా వస్తున్నాయా?
- మార్కులు లేని మూడు ప్రశ్నల నమూనా క్విజ్‌ని ఆ ముగ్గురూ తమ సొంత ఫోన్‌లో, కంప్యూటర్‌లో రాసి చూశారా?
- అసలు క్విజ్ మొదటి పేజీలో `Time limit` ఎంత కనిపిస్తోందో వాళ్లనే చదివి చెప్పమనండి. 40 అని వినపడాలి.

## 8. పరీక్ష రోజు, ఆ తర్వాత

పరీక్ష నడుస్తుండగా టైమ్ పెంచాల్సి వస్తే పెంచవచ్చు. గడియారంలో కొత్త టైమ్ కనిపించకపోతే పేజీ రీఫ్రెష్ చేయమనకండి, అప్పుడే పెట్టిన జవాబులు పోవచ్చు. తర్వాతి పేజీకి వెళ్లి రమ్మనండి. పేజీ మారేటప్పుడు జవాబులు సేవ్ అవుతాయి, కొత్త టైమూ కనిపిస్తుంది.

ముగిశాక మార్కులతో ఆపకండి. ఆ ముగ్గురి జవాబుపత్రాల్లో ప్రతి ప్రశ్న కిందా `Response history` ఉంటుంది. ఏ జవాబు ఎన్ని గంటలకు సేవ్ అయిందో అందులో కనిపిస్తుంది. రెండో యూనిట్ క్విజ్‌లో ఆ అమ్మాయి మొదటి ఐదు ప్రశ్నల పేజీని ఆరు నిమిషాల్లో ముగించింది, రెండో పేజీ మీద పదిహేడు నిమిషాలు కూర్చుంది. తెరిచి చూస్తే తొమ్మిదో ప్రశ్నలో వేర్ల రకాల పట్టిక ఉంది. నేను దాన్ని వర్డ్‌లోంచి స్క్రీన్‌షాట్ తీసి అతికించాను. మూడో యూనిట్‌కి ఆ పట్టికను మామూలు పట్టికగా టైపు చేశాను. ఆమె టైమ్ మాత్రం 40 నిమిషాలే ఉంచాను, 33వ నిమిషానికి సబ్మిట్ చేసింది.